‘10 లక్షలు గ్యారంటీ’ అని చెప్పి యూలిప్ ఇచ్చారు: మా నాయన పాలసీ విషయంలో ఏం చేయాలి?

కొర్లగుంట_బాబు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా నాయనకు గాంధీరోడ్డు పక్క సందులో టైలరింగ్ షాపు ఉండేది. కళ్ళు సరిగా కనపడక షాపు మూసేసి, తిరుచానూరు వైపున్న చిన్న ప్లాటు అమ్మి ఆ డబ్బు బ్యాంకులో ఎఫ్‌డీ వేసుకున్నారు. ఆ వడ్డీతోనే ఇల్లు గడుస్తుంది.

2024 జూన్‌లో మా వీధిలోనే ఉండే బీమా ఏజెంటు ఒకాయన ఇంటికొచ్చి, ‘ఏడాదికి లక్ష చొప్పున 5 ఏళ్ళు కట్టు మామా, పదో ఏట 10 లక్షలు గ్యారంటీగా నీ చేతికొస్తాయి, ఎఫ్‌డీలో ఇంత రాదు’ అన్నాడు. మా ఇంట్లో పెళ్ళికీ చావుకీ వచ్చే మనిషి కాబట్టి మా నాయన నమ్మాడు. ఒక ఎఫ్‌డీ తీసి కట్టాడు, మళ్ళీ 2025 జూన్‌లో ఇంకో లక్ష కట్టాడు. అప్పటికి మా నాయన వయసు 61 దాటింది.

ఈ మధ్య అమ్మకు ఆపరేషన్ అవసరమై, ఆ పాలసీ మీద లోన్ వస్తుందేమోనని నేను కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాను. అప్పుడు తెలిసింది అది యూలిప్ అని, అంటే బీమా, మార్కెట్ పెట్టుబడి కలిపిన పాలసీ అని. మొత్తం డబ్బు ఈక్విటీ ఫండ్‌లో ఉందట. కట్టింది 2 లక్షలు, ఈ రోజు విలువ 1,86,000. 5 ఏళ్ళ దాకా తీసుకోవడానికి లేదట, లోన్ కూడా లేదట. మా నాయన ఆ రోజు నుంచి సరిగా అన్నం తినడం లేదు.

ఏజెంటును అడిగితే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు: ‘టెన్షన్ పడొద్దు బాబూ, మార్కెట్ లేస్తే 10 లక్షలు దాటిపోతుంది’ అని. నా దగ్గర ఆ మెసేజ్, కంపెనీ ఇచ్చిన ఫోల్డర్, ఏజెంటు తన చేత్తో లెక్క రాసిచ్చిన ఒక తెల్లకాగితం ఉన్నాయి. వచ్చే జూన్‌లో మూడో లక్ష కట్టాలి. కట్టాలా, ఆపాలా? కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చంద్రగిరి_96

అన్నా, చెప్పడానికి బాధగా ఉంది కానీ టైమ్ అయిపోయింది. పాలసీ నచ్చకపోతే 15 రోజుల్లో తిప్పి పంపాలి, దాన్ని ఫ్రీ లుక్ అంటారు. రెండేళ్ళ తర్వాత ఎవరూ వినరు. పైగా మీ నాయన సంతకం పెట్టి ఉంటాడు. ఇంకో మాట, మూడో ప్రీమియం ఆపితే కట్టింది మొత్తం పోతుంది. మా బావకు అట్లాగే పోయింది. ఎట్లాగో కష్టపడి 5 ఏళ్ళూ కట్టేసి బయటపడటమే మేలు.

పలమనేరు_లక్ష్మి

మాదీ ఇదే కథ బాబూ. నేను 2015లో తీసుకున్న పాలసీ సరెండర్ చేస్తే కట్టినదాంట్లో సగం కూడా ఇవ్వలేదు. బోనస్ అన్నారు, లాయల్టీ అన్నారు, చివరికి ఏమీ లేదు. నాకూ ఎవరైనా చెప్పండి, ఎక్కడ కంప్లైంట్ పెట్టాలి? నాది మనీ బ్యాక్ పాలసీ.

పుత్తూరు_పెద్దాయన

బాబూ, నేను బీమా కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. ఇట్లాంటి ఫైళ్ళు చాలా చూశాను. మీది ఆశ వదులుకోవాల్సిన కేసు కాదు.

లక్ష్మిగారూ, మీది యూలిప్ కాదు, సంప్రదాయ పాలసీ. అక్కడ ముందుగా మానేస్తే నష్టం రావడం పాలసీ నియమాల్లోనే ఉంటుంది. మోసం చేశారా లేదా అన్నది వేరే ప్రశ్న. మీరు వేరే టాపిక్ పెట్టండి, అక్కడ చెబుతాను. రెండూ కలిపితే ఈ అబ్బాయికి గందరగోళం అవుతుంది.

చంద్రగిరి తమ్ముడు చెప్పిన రెండు మాటల్లో సగం సగమే నిజం. ఫ్రీ లుక్ కాగితం పాలసీకి 15 రోజులుగా ఉండేది నిజమే. 2024 ఏప్రిల్ 1 నుంచి అది 30 రోజులు అయింది. మీ పాలసీ జూన్‌ది కాబట్టి 30 రోజులు వర్తిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఆ 30 రోజుల లెక్క పాలసీ పత్రం మీ నాయనకు అందిన రోజు నుంచి మొదలవుతుంది, కంపెనీ ముద్రించిన రోజు నుంచి కాదు. అందుకే మిమ్మల్ని మొదట అడుగుతున్నాను: ఆ ఫోల్డర్ మీ ఇంటికి ఎవరు తెచ్చారు? కొరియర్ వచ్చిందా, ఏజెంటు తెచ్చిచ్చాడా? ఎప్పుడు?

ప్రీమియం ఆపితే మొత్తం పోతుందన్నది 2010కి ముందటి పాత యూలిప్‌ల నాటి భయం. ఇప్పుడు నిబంధన అది కాదు. ఆ లెక్క తర్వాత వేసి చూపిస్తాను. ముందు ఆ తెల్లకాగితంలో ఏముందో ఉన్నదున్నట్టు టైప్ చేయండి.

కొర్లగుంట_బాబు

పెద్దాయనగారూ, చాలా థాంక్స్. ఫోల్డర్ కొరియర్‌లో రాలేదు. ఏజెంటే వినాయక చవితి అయ్యాక తెచ్చి ఇచ్చాడని అమ్మ చెబుతోంది. పండక్కి ఊరెళ్ళి వచ్చిన వారంలోనే అట. సంతకం ఏదీ తీసుకోలేదు.

కాగితం మీద ఇట్లా ఉంది: పైన మా నాయన పేరు. కింద ‘1,00,000 × 5 సం. = 5,00,000’. దాని కింద ‘10వ సం. 10,00,000 గ్యారంటీ’ అని రాసి రెండు గీతలు కొట్టాడు. ఇంకా కింద ‘ట్యాక్స్ ఫ్రీ’ అని ఉంది. తేదీ వేశాడు, సంతకం లేదు. అక్షరాలు మాత్రం ఆయనవే. మా ఇంటి చిట్టీల పుస్తకంలో కూడా ఆయన రాసిన పేజీలు ఉన్నాయి.

పుత్తూరు_పెద్దాయన

ఫోల్డర్‌లో మొదటి పేజీల్లో పాలసీ షెడ్యూల్ ఉంటుంది, తీసి చూడండి. అందులో ‘సమ్ అష్యూర్డ్’ అన్న చోట 10,00,000 అని ఉందా?

కొర్లగుంట_బాబు

ఉంది సార్. 10,00,000 అనే ఉంది.

పుత్తూరు_పెద్దాయన

అనుకున్నాను. ఈ పద్ధతి నేను పదే పదే చూశాను. ఆ 10 లక్షలు మీ నాయన పోతే నామినీకి వచ్చే మొత్తం. ఏడాది ప్రీమియానికి 10 రెట్లు. దాన్నే మెచ్యూరిటీ సొమ్ముగా చూపించి గ్యారంటీ అని రాశాడు. మీ నాయన పాలసీ షెడ్యూల్ తెరిచి చూసినా అందులో 10 లక్షలే కనపడుతుంది కాబట్టి అనుమానం రాదు.

ఇప్పుడు ఫోల్డర్ చివర్లో బెనిఫిట్ ఇలస్ట్రేషన్ అన్న పట్టిక ఉంటుంది. ఏడాదికి 4 శాతం, 8 శాతం పెరిగితే ఎంత వస్తుందని రెండు వరుసలు ఉంటాయి. ఈ రెండూ ఊహ మాత్రమేననీ హామీ కాదనీ రాసి ఉంటుంది. పదో ఏట ఎదురుగా ఆ రెండు వరుసల్లో ఎంతుందో చెప్పండి. ఆ పేజీ మీద సంతకం ఎవరిది, ఏ భాషలో ఉందో కూడా చూడండి.

కొర్లగుంట_బాబు

4 శాతం వరుసలో 4,91,000 చిల్లర. 8 శాతం వరుసలో 7,04,000 చిల్లర. ఎక్కడా 10 లక్షలు లేదు సార్! కట్టేదే 5 లక్షలు, 4 శాతం వస్తే పదేళ్ళ తర్వాత అది కూడా తిరిగి రాదన్నమాట.

సంతకం మా నాయనదే, తెలుగులో ఉంది. పేజీ మొత్తం ఇంగ్లీషు. మా నాయనకు తెలుగు పేపరు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు.

ఒక సందేహం. మార్కెట్ పడిందని నేను అనుకున్నాను. కానీ స్టేట్‌మెంట్‌లో నెలనెలా ‘మోర్టాలిటీ ఛార్జ్’ అని 900 దగ్గర దగ్గర కోస్తున్నారు. అది దేనికి?

పుత్తూరు_పెద్దాయన

అది ప్రాణానికి బీమా ఇచ్చినందుకు తీసుకునే ఖర్చు. మీ నాయన పోతే కంపెనీ 10 లక్షలు ఇవ్వాలి. అందులో ఫండ్ విలువ పోను మిగిలిన 8 లక్షలకో 9 లక్షలకో కంపెనీ పూచీ పడుతుంది. ఆ మొత్తానికి వయసును బట్టి ఖర్చు వేస్తారు. 30 ఏళ్ళవాడికి ఇది చాలా తక్కువ. 60 దాటినవాళ్ళకి వెయ్యి రూపాయలకు ఏడాదికి పది, పన్నెండు రూపాయల దాకా ఉంటుంది. అంటే మీ నాయన కట్టే ప్రతి లక్షలో పది వేల పైచిలుకు ముందే అటు పోతోంది. దాని పైన అలకేషన్ ఛార్జీ, నిర్వహణ ఛార్జీ, ఫండ్ మేనేజ్‌మెంట్ ఛార్జీ. అందుకే మార్కెట్ కాస్త పెరిగినా విలువ 2 లక్షలు దాటలేదు.

సంపాదన ఆగిపోయి, మీద ఆధారపడే చిన్న పిల్లలు లేని 61 ఏళ్ళ మనిషికి ఇంత బీమా ఎందుకు అన్నది మీ ఫిర్యాదులో గట్టి ప్రశ్న. ఆయన అవసరం ఏంటో చూసి, తగిన పథకమేనా అని అంచనా వేసి ఇవ్వడం కంపెనీ బాధ్యత. ఆ అంచనా కాగితం కూడా ఫైల్లో ఉండాలి.

పీలేరు_ఏజెంట్

నేనూ ఏజెంటునే, 18 ఏళ్ళుగా చేస్తున్నాను. అందరినీ ఒకే గాటన కట్టకండి. యూలిప్ మంచి పథకమే, 30 ఏళ్ళ వయసులో ఉద్యోగం ఉన్నవాడు 15 ఏళ్ళు ఆగగలిగితే. 61 ఏళ్ళ పెద్దాయనకు ఇవ్వడం తప్పు, గ్యారంటీ అని రాసివ్వడం ఇంకా తప్పు. ఆ మాట నేను ఏజెంటుగా చెబుతున్నాను.

కానీ బాబూ, ఒక పని ఇవాళే చేయండి. ఈక్విటీ ఫండ్‌లో ఉన్నదాన్ని డెట్ ఫండ్‌కో లిక్విడ్ ఫండ్‌కో మార్చుకునే హక్కు పాలసీదారుకు ఉంటుంది. స్విచ్ అంటారు, ఏడాదికి కొన్ని ఉచితం. మీ ఫిర్యాదు తేలేదాకా మార్కెట్ పడితే 1,86,000 కూడా తగ్గొచ్చు.

చిత్తూరు_వకీలు

స్విచ్ చేసే ముందు ఒకసారి ఆలోచించండి. రేపు కంపెనీ లాయరు ‘ఈయన ఫండ్ మార్చుకున్నాడు, అంటే ఇది మార్కెట్ పథకమని తెలిసే ఉంది, పాలసీని ఒప్పుకున్నట్టే’ అని వాదిస్తాడు. నేనైతే ముందు ఫిర్యాదు ఈమెయిల్ పంపి, ఆ తర్వాత ‘నా అభ్యంతరాలకు లోబడి, నష్టం పెరగకుండా మాత్రమే స్విచ్ అడుగుతున్నాను’ అని రాసి మార్పిస్తాను.

ఇక కేసు ఎక్కడ వేయాలన్న విషయం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. మీరు కట్టింది 2 లక్షలే కాబట్టి ఫీజు లేదు. మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు కూడా అడగొచ్చు. కానీ గడువు 2 సంవత్సరాలు. పాలసీ 2024 జూన్ అంటున్నారు. 2026 జూన్ దాటకముందే వేయాలి.

పుత్తూరు_పెద్దాయన

వకీలుగారి మొదటి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండోదాంట్లో నాకు భిన్నాభిప్రాయం ఉంది. యూలిప్ అనేది పెట్టుబడి జూదం లాంటిది, ఇది వినియోగదారుల వివాదం కాదు అని కమిషన్లు కొట్టేసిన తీర్పులు ఉన్నాయి. అన్నీ అట్లా రాలేదు, కానీ కంపెనీ తరఫున మొదట ఆ తీర్పులే పట్టుకొస్తారు. బీమా అంబుడ్స్‌మన్ దగ్గర ఆ బాధ లేదు. పాలసీ నియమాల గురించి తప్పుగా చెప్పి అమ్మడం ఆయన విచారించగల విషయమే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వొచ్చు, ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. మీకు నచ్చకపోతే మీరు కట్టుబడక్కర్లేదు, ఆ తర్వాత కమిషన్‌కు పోవచ్చు. మన రాష్ట్రానికి అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాదులో ఉంది. విచారణ వీడియోలో కూడా చేస్తారు, కాబట్టి మీ నాయనను రైలెక్కించాల్సిన పని రాకపోవచ్చు.

అయితే కమిషన్‌లో ముందే కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే వరుస ముఖ్యం.

చిత్తూరు_వకీలు

సార్, ఆ తీర్పులు నాకు తెలుసు. మోసం చేసి అమ్మిన కేసుల్లో వేరేగా వచ్చినవీ ఉన్నాయి. గడువు మాట మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అంబుడ్స్‌మన్ దగ్గర ఓడి వచ్చేసరికి 2 ఏళ్ళు దాటితే, ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టాలి. మన్నించేది లేనిదీ కమిషన్ ఇష్టం.

పుత్తూరు_పెద్దాయన

మోసం తెలిసిన రోజు నుంచి గడువు లెక్కించాలని వాదించొచ్చు. మీరన్న రిస్కు ఉంది, కాదనను. అబ్బాయి రెండు మాటలూ విన్నాడు, నిర్ణయం వాళ్ళ ఇంటిది.

రేణిగుంట_హరి

ఇన్ని చర్చలెందుకు? ఈస్ట్ పోలీస్ స్టేషన్‌కు పోయి 420 కేసు పెట్టండి. ఏజెంటు రెండు రోజుల్లో డబ్బు తెచ్చి ఇస్తాడు.

కొర్లగుంట_బాబు

హరి అన్నా, డబ్బు ఏజెంటు దగ్గర లేదు, కంపెనీ దగ్గర ఉంది. పైగా మా నాయన దానికి ససేమిరా ఒప్పుకోవడం లేదు. ‘వాళ్ళ పిల్ల పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, పోలీసులు ఇంటికి పోతే ఎట్లా’ అంటున్నాడు. కంపెనీ మీద ఫిర్యాదుకు మాత్రం సరేనన్నాడు.

పెద్దాయనగారూ, కంపెనీకి ఏం రాయాలి? ‘నష్టం వచ్చింది, డబ్బు తిరిగి ఇవ్వండి’ అని రాయబోతున్నాను.

పుత్తూరు_పెద్దాయన

ఆ వాక్యం రాయకండి! నేను ఫైళ్ళు చూసే రోజుల్లో ఫిర్యాదు మొదటి వాక్యం అదైతే జవాబు ఒకటే పోయేది: ‘పెట్టుబడి రిస్కు పాలసీదారుదే అని పత్రంలో స్పష్టంగా ఉంది.’ అక్కడితో ఫైలు మూసేసేవాళ్ళు. మీ ఫిర్యాదు నష్టం గురించి కాదు. ఈ రోజు ఫండ్ విలువ 3 లక్షలు ఉన్నా ఫిర్యాదు ఇదే అయి ఉండాలి: మా నాయన అడిగింది హామీ ఉన్న పథకం, ఏజెంటు హామీ ఉందని రాసిచ్చాడు, కంపెనీ ఇచ్చింది హామీ లేనిది. కట్టిన 2 లక్షలు తిరిగి ఇవ్వండి. అంతే.

ఆ ఫిర్యాదుతో పాటే ఫైలు కాపీలు అడగండి. మీరు పాలసీదారులు, ఇవ్వాలి. ఏవంటే, నింపిన ప్రపోజల్ ఫారం పూర్తి కాపీ, నేను పైన చెప్పిన అంచనా కాగితం అంటే సూటబిలిటీ ఫారం, పాలసీ ఇచ్చేముందు మీ నాయనకు కంపెనీ నుంచి వచ్చిన వెరిఫికేషన్ కాల్ రికార్డింగు, పాలసీ పత్రం పంపిన రుజువు. అసలు కథంతా ఆ కాగితాల్లో ఉంటుంది. ఏజెంటు రాసిన కాగితం, వాయిస్ మెసేజ్ జత చేయండి. ‘మార్కెట్ లేస్తే’ అన్నాడు కదా, గ్యారంటీ లేదని ఆయన నోటితోనే ఒప్పుకున్నట్టు.

ప్రపోజల్ ఫారం రాగానే ఇక్కడ పెట్టండి, పేర్లు, నంబర్లు తీసేసి.

చంద్రగిరి_96

పెద్దాయన గారూ, వెరిఫికేషన్ కాల్‌లో ‘అవును, అవును’ అని ఉంటే ఇంక చేసేదేముంది? మా బావ కేసులో అదే దెబ్బ కొట్టింది.

పుత్తూరు_పెద్దాయన

కంపెనీకి అదే పెద్ద బలం, నిజమే. కానీ అవును అన్నది ఏ ప్రశ్నకు అన్నది వినాలి. ‘బెనిఫిట్ ఇలస్ట్రేషన్ మీద సంతకం చేశారా?’ అంటే అవును అన్నాడు. ఆ జవాబుతో ఆయనకు అర్థమైందని తేలదు. ‘ఇందులో రాబడికి హామీ లేదు, మార్కెట్‌ను బట్టి తగ్గొచ్చు, తెలుసా?’ అని తెలుగులో అడిగి, ఆయన అవును అని ఉంటే మాత్రం మన వాదన బలహీనపడుతుంది. వింటే గానీ చెప్పలేం.

కొర్లగుంట_బాబు

అందరికీ అప్‌డేట్. కంపెనీ ఫిర్యాదుల అధికారికి మీరు చెప్పినట్టే రాశాను, వకీలుగారు చెప్పిన మాటలు వేసి స్విచ్ కూడా చేయించాం. కంపెనీకి 14 రోజుల గడువు కదా, చివరి రోజు జవాబు వచ్చింది. తిరస్కరించారు. మూడు కారణాలు చెప్పారు: పాలసీ పత్రం ఈమెయిల్‌కు పంపినా 30 రోజుల్లో తిప్పి పంపలేదు, ఇలస్ట్రేషన్ మీద సంతకం ఉంది, వెరిఫికేషన్ కాల్‌లో అంగీకరించారు.

కానీ ప్రపోజల్ ఫారం కాపీ పంపారు. చూసి మేం నోరు తెరిచాం. ‘వృత్తి: బిజినెస్, వార్షిక ఆదాయం: 9,00,000’ అని ఉంది. మా నాయన షాపు అప్పటికే మూసేశాడు. షాపు నడిచిన రోజుల్లో కూడా అంత ఆదాయం ఎప్పుడూ లేదు. ఫోన్ నంబర్ మా నాయనదే. ఈమెయిల్ మాత్రం మాది కాదు. ఏజెంటు విజిటింగ్ కార్డు మీద ఉన్న ఈమెయిలే అది!

ఇంగ్లీషు రానివాళ్ళు తమ భాషలో సంతకం చేస్తే, వాళ్ళకు విషయం వివరించానని ఎవరో ఒకరు సంతకం పెట్టే గడి ఒకటి చివర్లో ఉంది. అది ఖాళీ.

కాల్ రికార్డింగు లింకు ఇచ్చారు. తెలుగులోనే మాట్లాడారు. పేరు, పుట్టిన తేదీ, ప్రీమియం ఎంత, ఎన్నేళ్ళు కట్టాలి అడిగారు. ఆ తర్వాత ‘యూలిప్ ప్లాన్ యొక్క ఫీచర్స్ అండ్ రిస్క్ ఫ్యాక్టర్స్ మీకు ఎక్స్‌ప్లెయిన్ చేశారా సర్’ అని గబగబా అంది. మా నాయన ఒక క్షణం ఆగాడు. వెనకాల ఎవరో మెల్లగా ‘అవునను మామా’ అన్నది వినపడుతోంది. తర్వాత మా నాయన ‘ఆ, అవును’ అన్నాడు.

ఆ గొంతు ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

పలమనేరు_లక్ష్మి

అయ్యో బాబూ. చదువుతుంటేనే కడుపు రగిలిపోతోంది. నమ్మి ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినవాణ్ణి ఇట్లానా చేసేది.

పుత్తూరు_పెద్దాయన

ఆ రికార్డింగు ఇవాళే డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచండి. లింకులు కొన్ని రోజులకు పనిచేయవు.

కంపెనీ చెప్పిన మూడు కారణాలూ వాళ్ళు పంపిన కాగితాలతోనే తేలిపోతున్నాయి. ఈమెయిల్ ఏజెంటుది, కాబట్టి ఆ ఈమెయిల్‌కు పంపితే మీ నాయనకు అందినట్టు కాదు. ఫోల్డర్ ఆయన చేతికి ఎప్పుడొచ్చిందో కంపెనీ దగ్గర రుజువు లేదు. ఇంగ్లీషు కాగితం మీద తెలుగు సంతకం ఉంది, వివరించినవాళ్ళ గడి ఖాళీ. కాల్‌లో పక్కనుంచి చెప్పించారు. ఆదాయం తప్పుగా రాశారు, అది మీ నాయన చెప్పింది కాదని బ్యాంకు పాస్‌బుక్ చెబుతుంది. ఏజెంటు చేసిన పనికి కంపెనీ బాధ్యత వహించాలి.

ఇప్పుడు బీమా నియంత్రణ సంస్థ సైటు bimabharosa.irdai.gov.in లో కూడా నమోదు చేయండి. అక్కడ ఎవరూ తీర్పు ఇవ్వరు, ఫిర్యాదును మళ్ళీ కంపెనీకే పంపి జవాబు చెప్పమంటారు, అంతే. కానీ నియంత్రణ సంస్థ చూస్తోందని తెలిస్తే ఒక్కోసారి పై అధికారులు ఫైలు తెరుస్తారు. దానికోసం కాచుకొని కూర్చోకండి. తిరస్కరణ లేఖ మీ చేతిలో ఉంది కాబట్టి అంబుడ్స్‌మన్‌కు ఇప్పుడే వెళ్ళొచ్చు. ఆ లేఖ తేదీ నుంచి ఏడాది లోపు వెళ్ళాలి. cioins.co.in లో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు.

డబ్బు సంగతి. అంబుడ్స్‌మన్ మీ వైపు చెబితే కట్టినది తిరిగి ఇమ్మంటారు, లేదా కట్టిన మొత్తాన్ని ఒకేసారి కట్టే పాలసీగా మార్చమంటారు. రెండోది మీకు పనికిరాదు, అమ్మ ఆపరేషన్ ఉంది. కాబట్టి ‘మార్పిడి వద్దు, వాపసు కావాలి’ అని అర్జీలోనే రాయండి. వడ్డీ కూడా అడగండి, ఇస్తారన్న భరోసా మాత్రం నేను ఇవ్వలేను.

కొర్లగుంట_బాబు

సరే సార్. జూన్ ప్రీమియం సంగతి చెప్పలేదు. కట్టకపోతే మా కేసు చెడిపోతుందా? చంద్రగిరి అన్న చెప్పినట్టు అంతా పోతుందా?

పుత్తూరు_పెద్దాయన

పోదు. లెక్క చూడండి. గడువు తేదీ తర్వాత ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే పాలసీ ఆగినట్టు. మూడో ఏట ఆగితే, 50,000 దాటిన ప్రీమియానికి, కంపెనీ కోసుకోగలిగేది ఏడాది ప్రీమియంలోనో ఫండ్ విలువలోనో 3 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అది, 4,000 దాటకూడదు. మీకు 3,000. మిగిలిన 1,83,000 ఆగిన పాలసీల ఫండ్‌కు వెళ్తుంది. అక్కడ ఏడాదికి కనీసం 4 శాతం వడ్డీ ఇవ్వాలి. 5 ఏళ్ళు నిండాక, అంటే 2029 జూన్‌లో, దాదాపు 2 లక్షల 5 వేలు చేతికొస్తుంది. ఈ మధ్యలో బీమా రక్షణ ఉండదు, నెలనెలా ఆ 900 కోత కూడా ఉండదు.

అంటే కేసు ఓడినా మీ నాయన అసలు దాదాపుగా తిరిగొస్తుంది, కానీ మూడేళ్ళు ఆగాలి. కట్టుకుంటూ పోతే ఇంకో 3 లక్షలు ఇదే పాలసీలోకి వెళ్తాయి. అదీగాక, మోసమని ఫిర్యాదు చేసి మళ్ళీ లక్ష కడితే, తెలిసే కొనసాగించారని కంపెనీ అంటుంది.

పీలేరు_ఏజెంట్

లెక్క సరైనదే. ఒక మాట కలుపుతాను. ఆపాక కూడా 3 ఏళ్ళ లోపు మళ్ళీ కట్టి పాలసీ బతికించుకోవచ్చు. కంపెనీ నుంచి మనసు మార్చడానికి ఫోన్లు వస్తాయి. మీ నాయనకు కాకుండా మీకే చేయమని రాసి పెట్టండి. ‘బోనస్ వచ్చింది, పాత పాలసీ డబ్బు ఇప్పిస్తాం, ముందు కొత్తది తీసుకోండి’ అని ఎవరైనా అంటే అది పచ్చి మోసం. ఫిర్యాదు చేసినవాళ్ళ నంబర్లకు అట్లాంటి కాల్స్ ఎక్కువగా వస్తుంటాయి.

చంద్రగిరి_96

నాకూ ఇప్పుడు అర్థమైంది. మా బావది 2008 పాలసీ, అప్పటి రూల్స్ వేరు. బాబూ, నా మాట విని కట్టేసి ఉంటే నీకు ఇంకో లక్ష ఇరుక్కునేది.

చిత్తూరు_వకీలు

అంబుడ్స్‌మన్‌కే వెళ్తున్నారు కాబట్టి, నా తరఫున ఒక్క సూచన. అర్జీలో మోసం తెలిసిన తేదీ, అంటే మీరు లోన్ కోసం ఫోన్ చేసిన రోజు, కాల్ హిస్టరీ స్క్రీన్‌షాట్‌తో సహా పెట్టండి. తర్వాత కమిషన్‌కు రావాల్సి వస్తే గడువు గురించి వాదించడానికి అదే ఆధారం. వాట్సాప్ వాయిస్ ఉన్న ఫోను మార్చకండి, అమ్మకండి. కోర్టు దాకా వస్తే ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ పెట్టాలి, ఆ ఫోను ఉంటేనే అది సులువు.

కొర్లగుంట_బాబు

అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టాను. కాగితం, వాయిస్, కాల్ రికార్డింగు, పాస్‌బుక్ పేజీలు, విజిటింగ్ కార్డు ఫొటో, కంపెనీ తిరస్కరణ లేఖ జత చేశాను. ‘మార్పిడి వద్దు, వాపసు కావాలి’ అని మొదటి పేరాలోనే రాశాను. నమోదు అయినట్టు మెసేజ్ వచ్చింది, విచారణ తేదీ ఇంకా ఇవ్వలేదు.

నిన్న ఏజెంటు ఇంటికొచ్చాడు. ఆ తెల్లకాగితం ఒకసారి చూపించమని అడిగాడు. అమ్మ ఇవ్వలేదు. మా నాయన ఏమీ మాట్లాడలేదు. ‘నాకూ పైవాళ్ళు అట్లాగే చెప్పారు మామా, గ్యారంటీ అనే చెప్పమన్నారు’ అని చెప్పి వెళ్ళిపోయాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. పెద్దాయనగారూ, ఈ మాట అర్జీకి కలపొచ్చా?

పుత్తూరు_పెద్దాయన

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు విన్నది విన్నట్టుగా, తేదీ వేసి రాసి, మీ అమ్మ సంతకంతో అదనపు పత్రంగా పంపండి. ఒక్క అక్షరం కూడా పెంచకండి. నిజమైతే బాధ్యత ఏజెంటు ఒక్కడిది కాదు, ఆ బ్రాంచిలో ఇంకెందరికి ఇట్లా అమ్మారో కూడా బయటికి రావాలి. ఆ కాగితం అసలు ప్రతి మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సే చూపించండి. విచారణ తేదీ వచ్చాక చెప్పండి. మీ నాయనను ఏం అడుగుతారో, ఎట్లా జవాబివ్వాలో మాట్లాడుకుందాం.